చక్రాల కుర్చీ తిరిగే ఇంట్లో పండుగ అలంకరణ

తెలుగువారి పండుగ అలంకరణలో ఎక్కువ భాగం నేల మీదే సాగుతుంది. వాకిట్లో ముగ్గు, గడపకు పసుపు, గుమ్మానికి ఇరువైపులా అరటి పిలకలు, పీట మీద విగ్రహం, నేల మీద మెట్లు కట్టిన బొమ్మల కొలువు, వరుసగా పేర్చిన ప్రమిదలు, తాంబాళంలో బతుకమ్మ ఇవన్నీ నేలను ఆనుకునే ఉంటాయి. వీటిని అమర్చే మనిషి కింద కూర్చోగలడు, వంగగలడు, అడ్డొచ్చినదాన్ని దాటగలడు అన్న భావన మీదే ఈ పద్ధతులు ఏర్పడ్డాయి. ఇంట్లో వీల్‌చైర్ వాడే మనిషి ఉన్నప్పుడు ఈ అలంకరణే రెండు చిక్కులు తెస్తుంది. ఒకటి, దారి ఇరుకవుతుంది. రెండు, ఆ మనిషి అలంకరణను చూడగలుగుతారే తప్ప చేయలేకపోతారు.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాల్లోని ఫ్లాట్లలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ వాకిలి అంటే లిఫ్టు ముందరి ఉమ్మడి వరండాలో నాలుగడుగుల జాగా. పెరడు లేదు, అరుగు లేదు. పూజ, కొలువు, అతిథులు, ఐటీ ఉద్యోగుల ఇళ్లలో పని బల్ల అన్నీ ఒకే హాల్లో సర్దుకోవాలి. ఆ హాల్లో నేల నునుపైన విట్రిఫైడ్ టైల్స్‌తో ఉంటుంది, పైకప్పుకు చాలాచోట్ల జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. అలంకరణ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఈ రెండే చాలావరకు నిర్ణయిస్తాయి.

దారికి కావలసిన కొలతలు

మామూలు మడత వీల్‌చైర్ వెడల్పు 25 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటుంది. చేతులతో తోసుకునేవారికి రెండు పక్కలా మోచేతులు, వేలి కణుపులు ఆడే జాగా కూడా కావాలి. అందుకే నేరుగా సాగే దారికి కనీసం 3 అడుగుల వెడల్పు ఉండాలంటారు. మనిషి పక్కన మరొకరు నడవాలంటే 4 అడుగులు తక్కువ కాకూడదు. కుర్చీ ఉన్నచోటే తిరగాలంటే 5 అడుగుల వ్యాసం గల ఖాళీ వలయం అవసరం. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లో వెలువరించిన సార్వత్రిక సౌలభ్య ప్రమాణాల్లోనూ తలుపుకు 900 మిల్లీమీటర్లు, మలుపుకు 1500 మిల్లీమీటర్లు అని ఇవే కొలతలు కనిపిస్తాయి.

రెండో కొలత చేతి అందుబాటుది. కుర్చీలో కూర్చున్నవారు ముందుకు చేయి చాచినప్పుడు నేల నుంచి సుమారు 15 అంగుళాల కింద ఉన్నవి, 48 అంగుళాల పైన ఉన్నవి అందడం కష్టం. మధ్యలో బల్లలాంటి అడ్డు ఉంటే పై హద్దు ఇంకా తగ్గుతుంది. ఈ హద్దులు అందరికీ ఒకేలా ఉండవు. భుజాల్లో బలం తక్కువున్నవారికీ, నడుము నిలపలేనివారికీ అందుబాటు ఇంకా కుంచించుకుపోతుంది. కాబట్టి పుస్తకంలోని అంకెను మొదటి అంచనాగా మాత్రమే తీసుకుని, ఆ మనిషి చేయి హాయిగా ఎంత ఎత్తుకు వెళ్తుందో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టుకోవడం మేలు.

ఈ రెండు కొలతల నుంచి ఒక సూత్రం వస్తుంది. నేలను దారికి వదిలేయాలి. అలంకరణను 15 నుంచి 48 అంగుళాల మధ్య బల్లల మీదికి, గోడల మీదికి తేవాలి. అంతకు పైన కట్టేవాటిని అందే ఎత్తుకు దించి సింగారించి, ఆ తర్వాత పైకి లాగాలి.

గడప, గుమ్మం

అన్ని పండుగలకూ మొదటి అలంకరణ గుమ్మానిదే, ఇంటి మొత్తంలో ఇరుకైన చోటు కూడా అదే. ఫ్లాటు ప్రధాన ద్వారం మూడున్నర అడుగులని ప్లానులో రాసినా, చట్రం, తలుపు మందం పోగా మిగిలే దారి తరచు 38 అంగుళాల దగ్గర ఉంటుంది. ఇరువైపులా చెరో అరటి పిలక కట్టి, ఒక్కొక్కటి 5 అంగుళాలు ఆక్రమించిందనుకుంటే మిగిలేది 28 అంగుళాలు. 26 అంగుళాల కుర్చీ దాని గుండా పోతుంది గాని, చక్రాన్ని తోసే చేతులు అటూ ఇటూ బోదెలకు రాసుకుంటాయి. పిలకలను చట్రానికి కాకుండా, దానికి ఒక అడుగు అవతల బయటి గోడకు కడితే దారి ఒక్క అంగుళం కూడా తగ్గదు. జాగా లేనిచోట పిలకకు బదులు అరటి ఆకును గోడకు బల్లపరుపుగా అతికించవచ్చు.

మామిడి తోరణంతో వెడల్పుకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దాన్ని కట్టిన దారంతోనే. బంతిపూల దండల దారం తెగి నేల మీద పడితే వీల్‌చైర్ ముందు చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకుంటుంది. నాలుగైదు చుట్లు పడ్డాక చక్రం బిగుసుకుంటుంది, కుర్చీ ఒక పక్కకు లాగుతుంది. కుర్చీ నేరుగా పోవడం లేదనిపిస్తే మొదట చూడాల్సింది అక్కడే. పండుగ మర్నాడు కుర్చీని పక్కకు వాల్చి ఇరుసు దగ్గరి దారాలు, వెంట్రుకలు తీసేయడం అలవాటుగా పెట్టుకోవాలి. దండలను తలుపు చట్రం మీద గట్టి కొక్కేలకు కట్టి, కొసలను అంగుళం మాత్రమే ఉంచి కత్తిరిస్తే దారం నేలకు రాదు.

చెక్క గడప ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తుండే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అర అంగుళం దాటిన గడపకు వాలుపలక అవసరం. 1:12 వాలు ప్రకారం 2 అంగుళాల గడపకు 24 అంగుళాల పొడవైన పలక కావాలి, లోపలి నేల కూడా కిందికే ఉంటే రెండు వైపులా కావాలి. గడపకు పసుపు రాసేటప్పుడు పలక పడే మధ్య భాగాన్ని వదిలి రెండు కొసలకే రాయడం మంచిది. తడి పసుపు మీదుగా చక్రం పోతే ఆ పసుపు టైరుకు, టైరు నుంచి తోసే రింగుకు, రింగు నుంచి అరచేతికి, అక్కడి నుంచి పట్టుబట్టలకు చేరుతుంది. వాలుపలక మీద మాత్రం ముగ్గు గాని, పూలు గాని, గుడ్డ గాని అసలు ఉండకూడదు. బంతి రేకులు నలిగితే తడి సబ్బులా జారుతాయి. వాలు మీద చక్రం జారితే కుర్చీ వెనక్కి వచ్చేస్తుంది.

ముగ్గు

పొడి ముగ్గు మీదుగా చక్రం వెళ్తే రెండు నష్టాలు జరుగుతాయి. ముగ్గు చెరిగిపోతుంది, చక్రం అచ్చు హాలంతా పడుతుంది. నునుపైన టైల్ మీద పొడి ఉంటే ముందు చక్రాలకు పట్టు కూడా తగ్గుతుంది. మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ ముగ్గు స్టిక్కర్లు మొదట్లో బాగానే అనిపిస్తాయి. అయితే మాపు తడికి అంచు లేస్తుంది, లేచిన అంచును చిన్న చక్రం మడిచేస్తుంది. వాటిని దారికి పక్కన అతికించాలే తప్ప దారిలో కాదు.

పనికొచ్చే పద్ధతులు మూడు ఉన్నాయి. మొదటిది, గుమ్మం ఎదుట 3 అడుగుల బాట వదిలి, ముగ్గును పక్క గోడ వారగా సగం పద్మంలా వేయడం. రెండోది, నేలకు రంగుతో శాశ్వత ముగ్గు వేయించడం. రంగు నేలతో సమంగా ఉంటుంది కాబట్టి చక్రానికి అడ్డు కాదు, కానీ ఉమ్మడి వరండాలో దీనికి అపార్టుమెంటు సంఘం ఒప్పుకోవాలి. మూడోది, వీల్‌చైర్‌లో ఉన్నవారే ముగ్గు వేయడానికి అనువైనది. రెండడుగుల చదరపు ప్లైవుడ్ పలకకు ఎర్రమట్టి రంగు పూసి, దాన్ని బల్ల మీద పెట్టుకుని ముగ్గు వేస్తారు. తడి పిండితో వేసి ఆరనిస్తే పలకను గుమ్మం పక్కన గోడకు ఏటవాలుగా నిలబెట్టవచ్చు. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టే ఇళ్లలో వాటినీ నేల మీద కాకుండా పళ్లెంలో పెట్టి, ఆ పలక పక్కన ఎత్తుపీట మీద ఉంచవచ్చు.

వినాయక చవితి, పాలవెల్లి

సంప్రదాయంలోనే పైకి కట్టే అలంకరణ ఒకటుంది. వినాయక చవితికి విగ్రహం మీదుగా వేలాడదీసే పాలవెల్లి నేలను తాకదు. చతురస్రాకారపు చెక్క చట్రానికి మామిడాకులు, మొక్కజొన్న కంకులు, వెలగకాయలు, జామకాయలు కట్టి పైకప్పుకు తగిలిస్తారు. దీన్ని కప్పీ మీదుగా తాడుతో కట్టుకుంటే వీల్‌చైర్‌లో ఉన్నవారు పనంతా తామే చేయవచ్చు. చట్రాన్ని 36 అంగుళాల ఎత్తుకు దించి కాయలు కట్టాలి, తర్వాత నిలబడినవారి తలకు తగలనంత ఎత్తుకు లాగి, తాడు కొసను గోడ కొక్కేనికి ముడి వేయాలి. ఆ కొస నేల మీద వేలాడకూడదు.

దీనికున్న పరిమితి ఫాల్స్ సీలింగ్. జిప్సం పలక వెలగకాయల బరువు మోయదు. కొక్కెం పలక వెనకున్న కాంక్రీటు స్లాబుకు చేరాలి. లేదంటే ఫ్యాను హుక్కు పక్కన స్లాబుకు వేరే కొక్కెం వేయించుకోవాలి. అదీ కుదరకపోతే బల్ల నాలుగు మూలలా కర్రలు బిగించి పందిరిలా కట్టి, దానికే పాలవెల్లి తగిలించవచ్చు. విగ్రహాన్ని నేల మీది పీట నుంచి 28–30 అంగుళాల బల్ల మీదికి మారిస్తే పత్రి పూజ కుర్చీలోంచే చేయవచ్చు. పత్రి కోసం ఒడిలో పళ్లెం పెట్టుకుంటే ఆకులు నేల మీద పడటం తగ్గుతుంది.

గేటెడ్ కమ్యూనిటీల్లో పెట్టే వినాయక మండపం విషయంలో పొరపాటు మరోచోట జరుగుతుంది. క్లబ్‌హౌస్ ర్యాంపు ఖాళీగా, వెడల్పుగా కనిపిస్తుంది గనక ప్రసాదాల బల్లో, సౌండు పెట్టెలో, పోగుపడిన ప్లాస్టిక్ కుర్చీలో అక్కడికి చేరతాయి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 భవన నిర్మాణాలకు సౌలభ్య ప్రమాణాలను తప్పనిసరి చేసింది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా, రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ ప్రమాణాల్లో విడవకూడని కనీసాన్ని విడిగా నిర్ణయించాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం ఉన్నా పండుగ పది రోజులూ ర్యాంపు మూసుకుపోతే దానివల్ల ప్రయోజనం లేదు. మండపం గీత గీసేనాడే ర్యాంపును, దాని రెండు కొసల దగ్గర ఐదేసి అడుగులను ఖాళీగా గుర్తించి తాడు కట్టడం సంఘం పని.

దసరా: బొమ్మల కొలువు ఒక ఉదాహరణ

నేలను ఎక్కువగా తినేది బొమ్మల కొలువు. అందుకే దీన్ని కొలతలతో చూడటం మంచిది. ఒక ఫ్లాటు హాలు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉందనుకుందాం. ఒక పొడవు గోడకు 3 అడుగుల లోతు సోఫా, ఎదుటి గోడకు ఒకటిన్నర అడుగు లోతు టీవీ అల్మరా ఉన్నాయి. వాటి మధ్య మిగిలేది ఆరున్నర అడుగులు. మధ్యలో రెండడుగుల టీపాయ్ ఉంటే అటూ ఇటూ కలిపి మిగిలేది నాలుగున్నర. కుర్చీ ఒక పక్క నుంచి పోగలదేమో గాని ఎక్కడా తిరగలేదు. కాబట్టి అలంకరణకు ముందు చేయాల్సిన పని ఒకటే, టీపాయ్‌ని పండుగ రోజులకు పడకగదిలోకో, బాల్కనీలోకో పంపేయడం. దానితో 5 అడుగుల వలయం దొరుకుతుంది.

ఇప్పుడు కొలువు. నేల నుంచి ఐదు మెట్లు, ఒక్కో మెట్టు 10 అంగుళాల లోతు, 8 అంగుళాల ఎత్తు అనుకుంటే అది హాల్లో నాలుగడుగులకు పైగా ముందుకొస్తుంది. కింది మెట్టు 8 అంగుళాల ఎత్తున ఉంటుంది, కుర్చీలోంచి చేయి అందదు. పై మెట్టు 40 అంగుళాల ఎత్తే అయినా 40 అంగుళాలు వెనక ఉంటుంది కాబట్టి అదీ అందదు. అంటే ఐదు మెట్లలో సులువుగా అందేవి మధ్యలో ఒకటి రెండే.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నది ఆచారం. ఐదుకు బదులు మూడు మెట్లు పెట్టి, వాటిని నేల మీద కాకుండా బల్ల మీద కట్టుకుంటే లెక్క మారిపోతుంది. బాల్కనీ తలుపు పక్కన మిగిలిన గోడ ముందు 4 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు, 30 అంగుళాల ఎత్తున్న బల్ల వేయాలి. దాని మీద 8 అంగుళాల లోతుతో మూడు మెట్లు వస్తాయి. ఒక్కో మెట్టుకు 6 అంగుళాల ఎత్తు ఇస్తే అవి 30, 36, 42 అంగుళాల దగ్గర ఉంటాయి. వెనక మెట్టు మధ్య భాగం ముందు అంచు నుంచి 20 అంగుళాల దూరంలో ఉంటుంది. మోకాళ్లు బల్ల కిందికి పోతే చేయి అక్కడిదాకా చేరుతుంది. బల్ల ముందు 5 అడుగుల ఖాళీ వదిలినా హాలు పొడవులో 11 అడుగులు అతిథులకు మిగులుతాయి.

మోకాళ్లు కిందికి పోవాలంటే బల్ల కింద 27 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి, అడ్డుపట్టీ ఉండకూడదు. కుర్చీ చేతిపట్టీలు బల్లకు తగిలితే వాటిని ఊడదీయగలరేమో ముందే చూసుకోవాలి. కొలువు మీద పరిచే పట్టుచీర విషయంలోనే ప్రమాదం ఎక్కువ. ముందుకు నేలదాకా వేలాడే చీరను మోకాళ్లు తోస్తాయి, పాదపలక పట్టుకుంటుంది. కుర్చీ వెనక్కి తీసేసరికి చీరతో పాటు బొమ్మలూ దీపమూ కిందికొస్తాయి. చీరను బల్ల ముందు అంచు దగ్గరే మడిచి పిన్నులు పెట్టి, పక్కల మాత్రం కిందికి వదలాలి. వెనక మెట్టుకు తేలికైన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక చెక్క బొమ్మలు సరిపోతాయి. బరువైన మట్టి బొమ్మలను ముందు మెట్టుకే పరిమితం చేయాలి. చాచిన చేతిలో బరువు రెట్టింపై తోస్తుంది, పట్టు తప్పేది అప్పుడే.

అదే రోజుల్లో వచ్చే బతుకమ్మను పేర్చడానికి ఒడిలో పట్టే పళ్లెం కన్నా బల్ల మేలు. తంగేడు, గునుగు, బంతి పూల కాడలు కత్తిరించేటప్పుడు బల్ల అంచుకు ఒక సంచీ కడితే చెత్త అందులోనే పడుతుంది. కమ్యూనిటీ ఆవరణలో ఆడేటప్పుడు బతుకమ్మలను 18 అంగుళాల ఎత్తుపీట మీద పెట్టి, వలయాన్ని కాస్త వెడల్పు చేస్తే వీల్‌చైర్ కూడా అందరితో పాటు తిరుగుతుంది. గడ్డి నేల కన్నా పేవర్ నేల చక్రానికి అనుకూలం.

దీపావళి, దీపాలు, తీగలు

దీపాల వరుస గుమ్మం నుంచి బాల్కనీ దాకా నేల మీద పెట్టడం వీల్‌చైర్ ఉన్న ఇంట్లో మానుకోవాల్సిన పని. కారణాలు రెండు. ప్రమిదల నుంచి కారిన నూనె టైల్ మీద కనబడదు, దాని మీద చక్రానికి పట్టుండదు. రెండోది మరింత తీవ్రమైంది. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామందికి కాళ్లలో స్పర్శ ఉండదు. పాదపలక పక్కనున్న మంట చర్మాన్ని కాల్చినా నొప్పి తెలియదు, గాయం రాత్రికి గాని కంటబడదు. నూనె దీపాలను గోడకు బిగించిన 30–36 అంగుళాల ఎత్తు అరలో, వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి పెట్టాలి. వాటి మీదుగా చేయి చాచి తీయాల్సిన వస్తువేదీ వెనక ఉంచకూడదు, పక్కన కర్టెన్ ఉండకూడదు. నేల అంచున వెలుగు కావాలంటే బ్యాటరీ దీపాలను గోడకు ఆనించి పెట్టవచ్చు.

సీరియల్ లైట్ల తీగ నేల మీదుగా పోనే కూడదు. మన ఫ్లాట్లలో స్విచ్‌బోర్డులు సాధారణంగా నాలుగడుగుల ఎత్తున ఉంటాయి. ఇది కలిసొచ్చే విషయం. తీగను బోర్డు నుంచి పైకి, తలుపు చట్రం మీదుగా, అంటుకునే క్లిప్పులతో తీసుకెళ్లవచ్చు. తీగను చాప కిందో తివాచీ కిందో దాచడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. చక్రం నొక్కుడుకు లోపలి ఇన్సులేషన్ చిట్లుతుంది, పైకి ఏమీ కనబడదు. మోటారు కుర్చీ వాడే ఇంట్లో ఛార్జింగు సాకెట్‌ను లైట్లకు ఇవ్వకూడదు. ఇస్తే పండుగ రాత్రి అందరూ పడుకుంటారు, కుర్చీ ఛార్జి కాలేదని తెల్లారి గాని తెలియదు.

అలంకరణ తర్వాతి పరీక్ష

అలంకరణ సరిగ్గా ఉన్నా అతిథులు వచ్చాక దారి మూసుకుపోవడం మామూలే. గుమ్మం ముందు చెప్పుల గుట్ట, సోఫా పక్క స్వీటు డబ్బాలు, పూజకు పరిచిన చాపలు, అరువు తెచ్చిన కుర్చీలు దారిని తినేస్తాయి. చెప్పుల అరను గుమ్మానికి తలుపు తెరుచుకోని వైపు పెట్టి, కానుకల కోసం ఒక బల్లను ముందే కేటాయిస్తే సగం పని తీరుతుంది. చాప తప్పనిసరైతే దాని అంచులు దారి వైపు రాకుండా గోడకు ఆనించి పరచాలి.

పరీక్షించే పద్ధతి సులువు. మూడడుగుల కర్రను అడ్డంగా పట్టుకుని గుమ్మం నుంచి హాలు, వంటిల్లు, పడకగది, స్నానాలగది దాకా ఒకరు నడవాలి. తలుపు చట్రాలు తప్ప కర్ర మరి దేనికి తగిలినా అది జరగాలి. తిరగాల్సిన చోట 30 అంగుళాల దారం ఒక కొసను మధ్యలో నొక్కి పట్టి, రెండో కొసకు కట్టిన సుద్దతో వలయం గీస్తే 5 అడుగుల జాగా ఉందో లేదో తేలుతుంది. చివరగా కుర్చీలో ఉండే మనిషే ఒకసారి పగలు, ఒకసారి దీపాలు మాత్రమే వెలుగుతున్న రాత్రి మొత్తం దారి తిరిగి చూడాలి. ఎక్కడైనా వెనక్కి వచ్చి మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చిందంటే అక్కడ అలంకరణ ఎక్కువైనట్టే. గోడ అంచున కొత్త గీతలు, చట్రం మీద నల్లటి టైరు మరకలు కూడా అదే చెబుతాయి.

ఈ పద్ధతులన్నిటికీ కొత్తగా కొనాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. ఒక బల్ల, ఒక కప్పీ, కొన్ని కొక్కేలు, ఒక ప్లైవుడ్ పలక, గడపకు వాలుపలక ఉంటే ఏడాది పండుగలన్నీ గడుస్తాయి. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు కొలత టేపు వీల్‌చైర్ వాడే మనిషి చేతిలోనే ఉండాలి. ఆ ఇంటి అలంకరణ సరిగ్గా ఉందో లేదో చెప్పే అధికారం వారిదే.